పరిశోధన వ్యాసంతో పాటు ప్రధాన సంపాదకులకు రాసిన ఉత్తరం

అమలాపురం,
12 జూన్ 2025

ప్రధాన సంపాదకులు గారికి,

నమస్కారం.

విషయం: పరిశీలన కోసం పరిశోధన వ్యాసం పంపడం గురించి.

‘పోటు చూసి ఇంజను: కోనసీమ శివారు భూముల్లో దాళ్వా వరికి మురుగు కాలువ నీటి వాడకం’ అనే మా వ్యాసాన్ని మీ త్రైమాసిక పత్రికలో ప్రచురణకు పరిశీలించమని కోరుతూ పంపుతున్నాను. నేను భూగోళశాస్త్రం చెబుతాను. నా సహరచయిత నేలల రసాయన శాస్త్రంలో పనిచేస్తారు. ఇద్దరం కలిసి రాసిన వ్యాసం ఇది.

సారాంశం పంపినప్పుడు మీరు రెండు ప్రశ్నలు అడిగారు. 2011లో రైతులు సాగు మానేసి ప్రకటించిన పంట విరామం తర్వాత కోనసీమ సాగు గురించి చాలా రాశారు కదా, ఇందులో కొత్తేముంది? నీటి ఉప్పదనం కొలిచిన పని శాస్త్ర పత్రికకి కాకుండా గ్రామీణ జీవితం మీద నడిచే మా పత్రికకి ఎందుకు? ముందు ఈ రెండింటికీ జవాబు చెప్పి, మిగతా వివరాలు చివర్లో రాస్తాను.

పంట విరామం మీద వచ్చిన రాతలు ప్రధానంగా వానాకాలపు పంట సార్వా గురించి. గిట్టుబాటు ధర, కూలి ఖర్చు, పూడిక తీయని డ్రెయిన్లు, ముంపు, ఈ నాలుగింటి చుట్టూ తిరుగుతాయి. అందులో మురుగు కాలువ ఎప్పుడూ పొలాన్ని ముంచేదిగానే కనిపిస్తుంది. అది నిజం కూడా. కానీ అదే కాలువ రెండో పంట దాళ్వాలో, పంట కాలువ చివరన ఉన్న శివారు రైతుకి నీళ్లిచ్చేది. ధవళేశ్వరం నుంచి బయల్దేరిన నీరు పంట కాలువల్లో పై ఊళ్ళు దాటుకుని అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు వచ్చేసరికి సన్నబడిపోతుంది. వంతులవారీ విధానం పెట్టాక వంతు వచ్చిన రోజు కూడా పొలానికి నీళ్లు తెచ్చే చివరి పిల్ల కాలువ, బోదెలోకి నీరు ఎక్కదు. అప్పుడు రైతులు డ్రెయిన్‌కి అడ్డుకట్ట వేసి, పై పొలాల నుంచి దిగిన నీటిని ఆయిల్ ఇంజన్లతో తోడుకుంటారు. నీటి ఎద్దడి వచ్చిన ప్రతి దాళ్వాలోనూ అధికారులు కూడా ఈ మాటే చెబుతారు. ఆ నీరు ఎలా ఉంటుంది, ఎప్పుడు తోడాలి, కట్ట ఎక్కడ వేయాలి అని ఎవరు తేలుస్తారో మాత్రం మేం చదివినంతలో ఎక్కడా కనిపించలేదు.

మా వ్యాసం చెప్పే కొత్త సంగతి ఒక్కటే. సముద్రానికి దగ్గరగా ఉన్న డ్రెయిన్‌లో నీరు ‘మంచిదా, ఉప్పదా’ అని రోజుకొక నమూనా తీసి తేల్చలేం, ఎందుకంటే అది పోటుని బట్టి గంటగంటకీ మారుతుంది. శివారు రైతులకి ఈ మార్పు తెలుసు. ఇంజను వేసే వేళని దాని ప్రకారమే పెట్టుకుంటున్నారు. మేం ఒకే డ్రెయిన్ మీద, 2023-24 దాళ్వాలో, నీటి ఉప్పదనం చూపే మీటరు కొలతలనీ రైతులు ఇంజను వేసిన వేళలనీ పక్కపక్కన పెట్టి చూశాం. వరి సాగునీటి ఉప్పదనానికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్.ఏ.ఓ. చెప్పే హద్దు, నీటి విద్యుత్ వాహకత లెక్కలో, మీటరుకి 2 డెసీసీమెన్లు. అంతవరకూ దిగుబడి తగ్గదని లెక్క. అడ్డుకట్టకి దిగువన, ఒకే చోట, ఒకే రోజున నీరు ఈ హద్దుకి అటూ ఇటూ మారింది. సముద్రం వెనక్కి తగ్గే పాటు చివర్లో హద్దు లోపల ఉన్న నీరు, పోటు నిండేసరికి దాటిపోయింది. రైతులు ఇంజను వేసిన వేళలు ఎక్కువగా పాటు చివరి వైపే పడ్డాయి.

మన తీరంలో రోజుకి రెండు పోట్లు. ఆ వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అందుకే ఇవాళ పొద్దున్నే వేసిన ఇంజను వారం తిరిగేసరికి మధ్యాహ్నానికి వెళ్తుంది. అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దది కాబట్టి ఆ రోజుల్లో దిగువ కట్ట దగ్గర తోడకుండా ఆగుతారు. అష్టమి దగ్గర పడితే మళ్ళీ మొదలుపెడతారు. డీజిలు ఖర్చు, కూలి మనిషి దొరకడం, అద్దె ఇంజను వంతు కూడా ఈ లెక్కలో ఉంటాయి. ఈ మూడూ కలిసి రానప్పుడు ఉప్పని తెలిసీ తోడిన సందర్భాలున్నాయి. వాటిని పక్కన పెట్టకుండా వ్యాసంలో ఉంచాం, ఎందుకంటే తెలివి ఉన్నా దాన్ని వాడుకునే వీలు అందరికీ ఒకేలా లేదన్నది మాకు అక్కడే అర్థమైంది. సొంత ఇంజను ఉన్న రైతు పోటు కోసం ఆగగలడు. అద్దెకి తెచ్చుకున్న కౌలు రైతు తన గంట వచ్చినప్పుడు తోడుకోవాల్సిందే, ఆ గంటకి కాలువలో ఏ నీరున్నా సరే.

సమీక్షకులు ప్రత్యేకంగా చూడాలని నేను కోరేది మూడో భాగంలోని ఫుట్‌వాల్వ్ వివరం. ఉప్పునీరు బరువు కాబట్టి అడుగున ఉంటుంది, పైనుంచి దిగిన మంచినీరు దాని మీద తేలుతుంది. గాలి లేని రోజు ఈ పొరలు బాగా విడిగా ఉంటాయి. పైపు మామూలుగా వదిలేస్తే, నీళ్లు పీల్చే చివర ఉండే ఫుట్‌వాల్వ్ అడుక్కి పోయి ఉప్పునీటినే లాగుతుంది. అందుకని వాల్వ్‌కి కొంచెం పైన పైపుని ఖాళీ ప్లాస్టిక్ డబ్బాకి తాడుతో కట్టి నీటిలో వేలాడదీస్తారు. నీటిమట్టం దిగితే డబ్బాతో పాటు వాల్వూ దిగుతుంది, అడుక్కి మాత్రం తగలదు. తాడు మరీ పొట్టిగా కడితే వాల్వ్ గాలి పీల్చి ఇంజను ఊరికే తిరుగుతుంది. పొడుగైతే ఉప్పు వస్తుంది. వాల్వ్ ఉన్న లోతులోనూ అడుగునా విడివిడిగా తీసిన కొలతలు పట్టికలో ఇచ్చాం. ఈ ఏర్పాటు ఎవరు మొదలుపెట్టారో ఊళ్ళో ఎవరూ చెప్పలేదు, మేమూ దాన్ని ఎవరికీ అంటగట్టలేదు.

ఇక మీ పత్రికకే ఎందుకన్నది. కొలతలు వ్యాసంలో సగమే. మిగతా సగం అడ్డుకట్ట చుట్టూ జరిగే మాటల గురించి. కట్ట దిగువకి వేస్తే ఎక్కువ నీరు నిలుస్తుంది కానీ పోటు తగులుతుంది. ఎగువకి వేస్తే నీరు మంచిదే, కానీ దిగువ పొలాలకి అందదు. నీటి వినియోగదారుల సంఘాల గురించి 1997 చట్టం వచ్చినప్పటి నుంచీ చాలా రాశారు. మేం పనిచేసిన ఊళ్ళలో కట్ట స్థలం తేలింది సంఘం సమావేశంలో కాదు, ఇంజన్లున్న రైతులు గట్టు మీద నిలబడి మాట్లాడుకున్నప్పుడు. ఇంకో తగువు దాళ్వా అయ్యాక మొదలవుతుంది. కోతలయ్యాక కట్ట తీయాలి. తీయకుండా వదిలేస్తే తొలకరి వానలకి నీరు వెనక్కి తన్ని ఎగువ పొలాల సార్వా నారుమళ్ళు మునుగుతాయి. నీళ్లు తోడుకున్నది ఒకరు, మునిగేది ఇంకొకరు. సార్వా ముంపునీ దాళ్వా ఎద్దడినీ వేర్వేరు సమస్యలుగా చూసే అలవాటు వల్ల ఈ ముడి కనబడకుండా పోతోందన్నది మా వాదన. ఈ వాదన నేలల పత్రికలో పడితే పట్టికలు మిగిలి మనుషులు పోతారని నా భయం. మీ పత్రికలో కౌలు మీద, కాలువ పనుల మీద వచ్చిన వ్యాసాలు చదివే వాళ్ళే దీన్ని కూడా చదవాలి.

మీరు తెలుగులో వేస్తారన్నది మరో కారణం. రైతులతో మాట్లాడింది తెలుగులో, వాళ్ళకి తిరిగి చదివి వినిపించిందీ తెలుగులోనే. చిత్తుప్రతి విన్నాక పొట్ట దశకి సంబంధించి ఒక వాక్యం వాళ్ళు సరిచేయించారు. ఊడ్చిన కొత్తలో ఉప్పు తగిలితే మళ్ళీ నాటుకోవచ్చు, ఈనేటప్పుడు తగిలితే చేసేదేమీ లేదు కాబట్టి, ఇంజను వేళ గురించి అసలు పట్టింపు అప్పుడేనని చెప్పారు. వరి ఈ రెండు దశల్లోనూ ఉప్పుకి బాగా దెబ్బతింటుందన్నది శాస్త్రం చెప్పేదే. రెండింట్లో ఏది రైతుని ఎక్కువ టెన్షన్ పెడుతుందో పుస్తకంలో ఉండదు.

వ్యాసం పరిధి గురించి స్పష్టంగా చెబుతాను. ఇది ఒక డ్రెయిన్, ఒక దాళ్వా. తూర్పు, పశ్చిమ డెల్టాలకి ఇదే వర్తిస్తుందని మేం అనడం లేదు. చేపల చెరువుల నీరు కలిసే డ్రెయిన్లని కావాలనే తీసుకోలేదు, అక్కడ ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందో విడదీయడం వేరే పని. దిగుబడి లెక్కలు కూడా ఇవ్వలేదు. డ్రెయిన్ నీటితో సాగు మంచిదని సిఫార్సు చేసే వ్యాసం కాదిది. పంట కాలువ చివరిదాకా నీరు రావడమే శివారు రైతు హక్కు అని, డ్రెయిన్‌ని దానికి బదులుగా చూపించకూడదని ముగింపులో రాశాం. సమీక్షలో ఎంత కత్తిరించమన్నా కత్తిరిస్తాం కానీ, ఆ పేరా ఉంచమని ముందే మనవి చేస్తున్నాను.

మీ నియమావళి ప్రకారం చెప్పాల్సినవి: ఈ వ్యాసం ఇంతకుముందు ఎక్కడా ప్రచురణ కాలేదు, ఇప్పుడు మరే పత్రిక పరిశీలనలోనూ లేదు. ఇద్దరు రచయితలమూ తుదిప్రతి చదివి ఒప్పుకున్నాం. బయటి నుంచి నిధులు తీసుకోలేదు. నా సహరచయిత కుటుంబానికి అదే మండలంలో పొలం ఉంది. మేం కొలిచిన డ్రెయిన్ కింద కాదు గానీ, మీకు తెలియాలని రాస్తున్నాను. రైతులందరి అనుమతీ నోటిమాటగా తీసుకుని నమోదు చేశాం. అడ్డుకట్ట తగువుల ప్రస్తావన ఉంది కాబట్టి వాళ్ళ పేర్లూ ఊళ్ళ పేర్లూ వ్యాసంలో మార్చాం, పటంలో డ్రెయిన్ పేరు కూడా వేయలేదు. మీటరు కొలతల పూర్తి పట్టిక అడిగిన వారికి ఇస్తాం.

సమీక్షకుల ఎంపిక మీ ఇష్టం. ఒకరు నీటి పారుదల తెలిసినవారూ ఒకరు గ్రామీణ సమాజం మీద పనిచేసినవారూ అయితే వ్యాసంలోని రెండు సగాలూ సరిగ్గా పరీక్షకి నిలుస్తాయి. సార్వా, దాళ్వా, బోదె, శివారు లాంటి మాటలని వివరణ లేకుండా వాడాం. మీ పాఠకుల్లో తెలంగాణ, రాయలసీమ వారు ఎక్కువగా ఉంటే చివర చిన్న పదపట్టిక చేర్చడానికి మాకు అభ్యంతరం లేదు.

ఈ ఉత్తరంతో పాటు వ్యాసం, రచయితల పేర్లు తీసేసిన ప్రతి, డ్రెయిన్ అడ్డుకోత చిత్రం, కొలతల పట్టిక, ఇద్దరి సంతకాలతో అంగీకార పత్రం జతచేశాను. కాలువలకి నీళ్లు వదిలాక నేను తరచుగా ఊళ్ళలోనే ఉంటాను. ఫోన్ ఎత్తకపోతే మెయిల్ పెట్టండి, ఆ రాత్రికి జవాబిస్తాను.

మీ పరిశీలనకి ధన్యవాదాలతో,

వి. సుభద్ర
భూగోళశాస్త్ర అధ్యాపకురాలు
అమలాపురం, డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా