5 లీటర్ల ప్రెషర్ కుక్కర్ల రీకాల్‌పై కంపెనీ ప్రతినిధి ప్రకటన

అందరికీ నమస్కారం. ఇప్పటివరకు నిర్ధారణ అయిన విషయాలు మాత్రమే చెబుతాను.

మా 5 లీటర్ల అల్యూమినియం ప్రెషర్ కుక్కర్లలో ఒక బ్యాచ్‌ను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంటున్నాం. కుక్కర్ అడుగున 0417 అని ముద్ర ఉన్నవే ఈ బ్యాచ్‌వి.

లోపం సేఫ్టీ వాల్వ్‌లో ఉంది. విజిల్ దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి, వేడి మితిమీరితే, ఈ వాల్వ్‌లోని మిశ్రలోహం కరిగి ఆవిరిని బయటికి వదలాలి. ఈ బ్యాచ్‌లో కొన్ని వాల్వులు కరగాల్సిన వేడి దగ్గర కరగడం లేదని మా పరీక్షల్లో తేలింది. రోజూ వండేటప్పుడు ఈ తేడా తెలియదు, విజిల్ మామూలుగానే వస్తుంది. కాబట్టి ‘మాది బాగానే పనిచేస్తోంది కదా’ అనుకుని దయచేసి వాడొద్దు.

ఇద్దరు వినియోగదారులకు ఆవిరి తగిలి చేతులు కాలాయి. చికిత్స తర్వాత ఇద్దరూ ఇంటికి చేరారు. వారికి మా విచారం తెలియజేశాం, వైద్య ఖర్చులు మేమే భరిస్తున్నాం. ఆ ఘటనలకు ఈ వాల్వే కారణమా అన్నది ఇంకా తేలలేదు. తేలేదాకా నేను ఊహించి చెప్పను.

ఆ నంబర్ ఉన్న కుక్కర్‌ను ఏ డీలర్‌కైనా ఇచ్చేయవచ్చు. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు. కొత్త కుక్కర్ తీసుకుంటారా, పూర్తి డబ్బు తీసుకుంటారా అన్నది మీ ఇష్టం. వాల్వ్ ఒక్కటే మారిస్తే సరిపోదా అని కొందరు అడుగుతున్నారు. బయట దొరికే వాల్వులు బిగించడం ఇంకా ప్రమాదం.

నాణ్యతా ప్రమాణాలు చూసే జాతీయ సంస్థ బీఐఎస్‌కు సమాచారం ఇచ్చాం. మిగతా సైజుల వాల్వులను కూడా పరీక్షిస్తున్నాం, ఫలితాలు శుక్రవారం ఇక్కడే వెల్లడిస్తాం.

ఇక మీ ప్రశ్నలు అడగండి.