నాగార్జునకొండ ఆడియో-విజువల్ గైడ్: తెలుగు స్క్రిప్ట్

రికార్డింగ్‌కు: నిమిషానికి 90 మాటలు మించకుండా చదవాలి. పాత ఫోటో తెర మీదున్నంతసేపూ ఏ మూలో "లోయలోని అసలు చోటు" అనే అక్షరాలు ఉండాలి. అది లేకపోతే చూసేవారు పొరబడతారు.

స్టాప్ 1: లాంచీలో (35 సెకన్లు)

కథనం: క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ నీళ్ల అడుగున ఉన్న లోయలోనే ఉండేది. 1926లో ఏ.ఆర్. సరస్వతి ఇక్కడి శిథిలాలను వెలుగులోకి తెచ్చారు. సాగర్ డ్యామ్ కడితే లోయ మునిగిపోతుందని తేలాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్దఎత్తున తవ్వారు. పుల్లారెడ్డిగూడెం అనే పల్లె కూడా మునిగింది. శిథిలాల గురించి చెప్పి, ఆ ఊరి పేరు చెప్పకపోవడం న్యాయం కాదు.

చిత్రం: మునగకముందు లోయ, కొండ మీది నుంచి తీసిన నలుపు తెలుపు ఫోటో. భారత పురావస్తు శాఖ సేకరణ. 12 సెకన్లు, కదలిక లేకుండా.

స్టాప్ 2: మహాచైత్యం (55 సెకన్లు)

కథనం: ఈ స్తూపం పుట్టింది ఇక్కడ కాదు. లోయ నుంచి తెచ్చి కొండ మీద తిరిగి పేర్చారు. పునాదిని పైనుంచి చూస్తే బండి చక్రం: మధ్యలో కుండ, చుట్టూ ఆకులు, అంచున పట్టా. ఆకుల మధ్య గదుల్లో మట్టి నింపి పైన గుమ్మటం లేపారు. పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వినప్పుడు ఒక గదిలో వెండి పేటిక, అందులో బంగారు పెట్టె, దానిలో చిన్న ఎముక ముక్క దొరికాయి.

దీని పోషకురాలు చాంతిసిరి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడికి మేనత్త. ఆమె అన్న చాంతమూలుడు అశ్వమేధం చేసిన రాజు. ఒకే ఇంట్లో అన్న యాగం చేస్తే చెల్లెలు బుద్ధుడికి స్తూపం కట్టించింది. స్తూపం నలుదిక్కులా నిలిపిన ఆయక స్తంభాల మీది ప్రాకృత శాసనాలు ఆమె పేరును నేటిదాకా నిలిపాయి.

చిత్రాలు: 1) తవ్వకంలో బయటపడిన చక్రపు పునాది, 1927–31. 2) ఆయక స్తంభం శాసనం అచ్చు, "చాంతిసిరి" అన్న చోట అక్షరాలు వెలగాలి. నేటి కట్టడం ఫోటో కలపవద్దు.

స్టాప్ 3: స్నానఘట్టం (18 సెకన్లు)

కథనం: ఈ రాతిమెట్లు ఒకప్పుడు కృష్ణలోకి దిగేవి. నది ఒడ్డున ఉన్నవాటిని విప్పి ఇక్కడికి చేర్చారు. రాళ్ల అతుకు దగ్గర కూర్చుని చూడండి, చెక్కడంలోని శ్రద్ధ తెలుస్తుంది. ఇక్కడ తొందర పడవద్దు.

చిత్రం: ఒడ్డున ఉన్నప్పటి ఘట్టం, వెనక నది కనబడే ఫోటో మాత్రమే.

స్టాప్ 4: మ్యూజియం (12 సెకన్లు)

కథనం: లోయలో దొరికిన సున్నపురాతి శిల్పాలివి. బుద్ధుడి జీవిత ఘట్టాల పక్కన ప్రేమజంటలూ ఉంటాయి. అవి తప్పక చూడండి.

చిత్రం అక్కర్లేదు. శిల్పమే ఎదురుగా ఉంది.

స్టాప్ 5: అనుపు, రంగస్థలం (18 సెకన్లు, ఒడ్డుకు తిరిగొచ్చాక)

కథనం: మధ్యలో దీర్ఘచతురస్రపు ఆవరణ, చుట్టూ మెట్ల వరుసలు. ఇదీ లోయ నుంచి తరలించిందే. పై మెట్టు మీద కూర్చుని, కింద ఒకరిని మాట్లాడమనండి.

చిత్రం: తవ్వకాల నాటి రంగస్థలం, 1954–60. 8 సెకన్లు. ఆడియో ఆపి, సందర్శకులు పరీక్షించుకోవడానికి 20 సెకన్ల మౌనం.