మా ఆయన మెడికల్ రిపోర్టు తెలుగులో ఇవ్వాలని విన్నపం

మల్యాల, జగిత్యాల జిల్లా
14 జులై 2025

దోహా, ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు క్లినిక్ డాక్టరు గారికి,

నమస్కారం. మీ కంపెనీలో షట్టరింగ్ కార్పెంటరుగా చేస్తున్న ఎడ్ల రాజేశం (ఉద్యోగి నంబరు 4817) భార్యను. జూన్ 28న కళ్లు తిరిగి పడిపోతే మీ దగ్గర మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. మీ నర్సు ఒకామెకు తెలుగు వచ్చని ఆయన చెప్పారు, అందుకే ఇలా రాస్తున్నాను. ఇంగ్లీషు కాపీ కూడా జతచేశాను.

ఫోన్లో ఆయన "క్రియాటినిన్ 212" అన్నారు. ఇక్కడ మాకు తెలిసిన లెక్కలో 1.2 దాటితేనే కంగారు పడతాం. జగిత్యాల డాక్టరు గారిని అడిగితే, అక్కడ మైక్రోమోల్‌లో రాస్తారు, 88.4తో భాగిస్తే మన లెక్కలో దాదాపు 2.4 వస్తుందన్నారు. అయినా కిడ్నీ మీద ఒత్తిడి ఉన్నట్టేనట. కాబట్టి ప్రతి అంకె పక్కన కొలత, పరీక్ష తేదీ తప్పకుండా రాయండి. మొదటి రోజుదీ, ఇంటికి పంపిన రోజుదీ రెండూ కావాలి. తగ్గుతోందా పెరుగుతోందా అన్నది ఒక్క అంకెతో తెలియదు.

వీటితో పాటు పొటాషియం, మూత్ర పరీక్ష, బీపీ, కడుపు స్కానింగ్ చేసి ఉంటే దాని రిపోర్టు పంపండి. అన్నిటికన్నా ముఖ్యం మందుల చీటీ. ఆయనకు నడుం నొప్పికి సూదులు వేశారట. అవి డైక్లోఫెనాక్ వంటివైతే కిడ్నీకి మంచివి కావని ఇక్కడి డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఏ సూది, ఎన్ని రోజులు, ఎంత మోతాదు అన్నది రాయండి. అక్కడి బ్రాండు పేరు ఇక్కడ దొరకదు, కాబట్టి మందు అసలు పేరు కావాలి.

మందుల పేర్లు, అంకెలు మాత్రం ఇంగ్లీషులోనే ఉంచండి. వాటిని తెలుగులోకి మారిస్తే ఒక అక్షరం తేడాతో వేరే మందు అయిపోతుంది. మిగతా వివరణ, అంటే జబ్బు ఏమిటి, ఏం తినకూడదు, ఎన్ని నీళ్లు తాగాలి, ఎండలో పని చేయవచ్చా, మళ్లీ పరీక్ష ఎప్పుడు అనేవి తెలుగులో ఉంటే చాలు. ఆయన ఐదో తరగతితో ఆపేశారు, ఇంగ్లీషు కాగితం జేబులోనే మడిచి పెట్టుకుంటారు. అందుకే తెలుగు కాగితం ఒకటి ఆయన చేతికే ఇవ్వండి. నాకు వాట్సాప్‌లో ఫోటో కాకుండా స్కాన్ చేసిన పీడీఎఫ్ పంపండి, ఫోటోలో దశాంశ చుక్క కనబడదు.

తెలుగు చేయడానికి ఆలస్యమైతే అసలు రిపోర్టు ముందు పంపండి. మా అపాయింట్‌మెంటు ఈ నెల 22న.

రిపోర్టు నాకు ఇవ్వడానికి ఒప్పుకుంటూ ఆయన సంతకం చేసిన కాగితం, ఖతార్ ఐడీ కాపీ, భార్య పేరు ఉన్న ఆయన పాస్‌పోర్టు చివరి పేజీ జతచేశాను. నా నంబరు ఆయన ఫైల్లో అత్యవసర కాంటాక్టుగా ఉంది. సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా చేయవచ్చు.

ఇట్లు,
ఎడ్ల లావణ్య