జీవ పరిణామం క్విజ్: ప్రకృతివరణం, జెనెటిక్ డ్రిఫ్ట్, జాతుల ఉత్పత్తి, అవయవ సామ్యాలు

సమయం: 40 నిమిషాలు. మార్కులు: 25. క్యాలిక్యులేటర్ వాడుకోవచ్చు. కారణం అడిగిన చోట కారణం రాయకపోతే సగం మార్కులే.

1. 1977లో గలపాగోస్‌లోని డాఫ్నే మేజర్ దీవిలో వానలు పడలేదు. మెత్తని చిన్న గింజలు అయిపోయాయి, పల్లేరు కాయల్లాంటి గట్టివి మిగిలాయి. నేల మీద మేసే ఫించ్ పక్షులు చాలా వరకు చనిపోయాయి. తర్వాతి తరంలో సగటు ముక్కు మందం పెరిగింది. ఎందుకు? (2)
ఎ) గట్టి కాయలు కొట్టీ కొట్టీ ముక్కులు బలపడి, ఆ బలం పిల్లలకు వచ్చింది
బి) అవసరం పడింది కాబట్టి పెద్ద ముక్కునిచ్చే ఉత్పరివర్తనాలు పుట్టాయి
సి) మందపాటి ముక్కున్నవి ఎక్కువగా బతికాయి, ఆ లక్షణం సంతానానికి అందింది
డి) బతికిన ప్రతి పక్షికీ ముక్కు కొంచెం పెరిగింది
1982-83లో ఎల్ నినో వల్ల భారీ వానలు పడి చిన్న గింజలు విరివిగా కాశాయి. ఆ తర్వాతి ఏళ్లలో ఏ ముక్కుకు లాభం? (1)

2. మలేరియా ఉన్న ఒక ప్రాంతంలో కొడవలి కణ యుగ్మవికల్పం (ఎస్) పౌనఃపున్యం 0.1. 1000 మంది శిశువులు పుట్టారనుకోండి. మూడు జన్యురూపాల్లో ఒక్కోదానిలో ఎంతమంది ఉంటారు? (2) మలేరియా పూర్తిగా పోతే ఎస్ తగ్గుతుందా, ఎంత వేగంగా? (2)

3. ఒకే జాతి పురుగులు నాలుగు. దేనికి ఫిట్‌నెస్ ఎక్కువ? (1)
ఎ) 90 రోజులు బతికింది, పెద్దవైన పిల్లలు 12
బి) 40 రోజులు బతికింది, పెద్దవైన పిల్లలు 20
సి) అన్నింటికంటే పెద్దది, బలమైనది, పెద్దవైన పిల్లలు 9
డి) 300 గుడ్లు పెట్టింది, పెద్దవైన పిల్లలు 6

4. పీటర్ బ్యూరీ 1956లో ప్రచురించిన ప్రయోగం: 107 డ్రోసోఫిలా జనాభాలు, ప్రతి తరంలోనూ ఒక్కోదానిలో 8 మగ, 8 ఆడ ఈగలు. కంటి రంగుకు సంబంధించిన ఒక యుగ్మవికల్పం అన్నింట్లోనూ 0.5 దగ్గర మొదలైంది. 19 తరాల తర్వాత 30 జనాభాల్లో అది పూర్తిగా పోయింది, 28 జనాభాల్లో అది తప్ప మరొకటి మిగల్లేదు. ఇది ప్రకృతివరణమా, డ్రిఫ్టా? అంకెల్లోంచే ఆధారం చూపండి. (2) ఒక్కో జనాభాలో 160 ఈగలు పెంచి ఉంటే ఏం మారేది? (1)

5. ఒక జింకల మందలో సంతానోత్పత్తి చేసే మగవి 5, ఆడవి 45. ప్రభావక జనాభా పరిమాణం ఎంత? సూత్రం: Ne = 4NmNf / (Nm + Nf) (2)

6. పసిఫిక్‌లోని పింగెలాప్ దీవిని సుమారు 1775లో తుపాను ముంచెత్తింది. దాదాపు 20 మందే మిగిలారు. వారి వారసుల్లో పుట్టుకతో రంగులు కనిపించని లోపం ప్రపంచంలో మరెక్కడా లేనంత ఎక్కువ. ఇది బాటిల్‌నెక్ ప్రభావమా, ఫౌండర్ ప్రభావమా? నష్టం చేసే యుగ్మవికల్పం ఎలా పెరగగలిగింది? (2)

7. ట్రాగోపోగాన్ డూబియస్, ట్రాగోపోగాన్ ప్రాటెన్సిస్ అనే మొక్కలు రెండింటికీ 2n = 12. వీటి సంకరం దాదాపు వంధ్యం. అమెరికా వాయవ్య ప్రాంతంలో ఆ సంకరంలో క్రోమోజోములు రెట్టింపై 2n = 24 ఉన్న, విత్తనాలు కాసే ట్రాగోపోగాన్ మిసెల్లస్ పుట్టింది. సంకరం ఎందుకు వంధ్యం? రెట్టింపైతే ఎందుకు కాదు? జనక మొక్కతో తిరిగి సంకరిస్తే వచ్చే మొక్కకు ఎన్ని క్రోమోజోములు? (3)

8. సంయుగ్మజం ఏర్పడక ముందు అడ్డుకునేదా, తర్వాతా? (ఒక్కోదానికి ½)
ఎ) కంచరగాడిద సంతానం కనలేకపోవడం
బి) మిణుగురుల మెరుపు వరుస వేరుగా ఉండటం
సి) సముద్రపు అర్చిన్‌లలో శుక్రకణం మీది ప్రోటీన్ వేరే జాతి అండానికి అతుక్కోకపోవడం
డి) రెండు మొక్కలు వేర్వేరు నెలల్లో పూయడం

9. గబ్బిలం, పక్షి, టెరోసార్ మూడింటికీ రెక్కలున్నాయి. వాటి ముందరి కాళ్లు నిర్మాణసామ్యాలా, క్రియాసామ్యాలా? రెక్కలుగా చూస్తే? సీతాకోకచిలుక రెక్కను ఈ జాబితాలో చేరిస్తే ఏమవుతుంది? (3)

10. నిర్మాణసామ్యమా, క్రియాసామ్యమా? (ఒక్కోదానికి ½)
ఎ) బంగాళాదుంప, చిలగడదుంప
బి) బోగన్‌విల్లా ముల్లు, గుమ్మడి నులితీగ
సి) ఆక్టోపస్ కన్ను, మనిషి కన్ను
డి) తిమింగలం ఈత రెక్క, మనిషి చెయ్యి

జవాబులు, దిద్దేవారికి వివరణలు

1. సి. రెండో భాగానికి: చిన్న ముక్కుకు. డి రాసినవారు చాలామంది ఉంటారు, ఎందుకంటే "సగటు పెరిగింది" అన్న మాటను "ఒక్కో పక్షికీ పెరిగింది" అని చదువుకుంటారు. ఏ పక్షి ముక్కూ మారలేదు. సన్నముక్కు పక్షులు లెక్కలోంచి తప్పుకున్నాయి, అందుకే సగటు జరిగింది. ఉత్పరివర్తనాలు అవసరాన్ని చూసి పుట్టవు కాబట్టి బి తప్పు. రెండో భాగం అడగడానికి కారణముంది: వరణానికి శాశ్వతమైన దిశ లేదని, పరిసరాలు మారితే వెనక్కీ తిరుగుతుందని విద్యార్థికి తెలియాలి.

2. p² = 0.81, 2pq = 0.18, q² = 0.01. అంటే ఏఏ 810, ఏఎస్ 180, ఎస్‌ఎస్ 10. మలేరియా ఉన్నంతకాలం ఏఎస్ వారికి రక్షణ ఉంటుంది కాబట్టి ఎస్ నిలుస్తుంది. మలేరియా పోతే తగ్గుతుంది, కానీ నెమ్మదిగా. మొత్తం 200 ఎస్ ప్రతుల్లో 180 ఏఎస్ వారిలోనే ఉన్నాయి. మలేరియా లేనప్పుడు వరణం వాటిని దాదాపు తాకదు. ఎస్‌ఎస్ వారెవరికీ సంతానం కలగదనుకున్నా తర్వాతి తరంలో పౌనఃపున్యం q/(1+q) = 0.091 మాత్రమే. "వెంటనే మాయమవుతుంది" అన్న జవాబుకు మార్కు లేదు. సాధారణంగా జరిగే పొరపాటు: 0.1నే ఎస్‌ఎస్ వారి వాటాగా తీసుకుని 100 మంది అని రాయడం.

3. బి.

4. డ్రిఫ్ట్. వరణమైతే అన్ని జనాభాలూ ఒకే వైపు మొగ్గేవి. ఇక్కడ 30 ఒక వైపు, 28 మరో వైపు, దాదాపు సమానం. 160 ఈగలుంటే ఒక్కో తరంలో ఊగిసలాట చిన్నదై, 19 తరాల్లో ఇన్ని జనాభాలు అంచులకు చేరేవి కావు. "పెద్ద జనాభాలో డ్రిఫ్ట్ ఉండదు" అని రాస్తే అర మార్కే: ఉంటుంది, బలహీనంగా.

5. 4 × 5 × 45 / 50 = 18. 50 అని రాస్తే సున్నా. మందలో 50 జింకలు కనిపిస్తున్నా ప్రతి తరంలో విషమయుగ్మజత తరుగుదల 1/(2Ne) = 1/36, అంటే దాదాపు 2.8 శాతం. మగవి, ఆడవి సమానంగా ఉండి ఉంటే అది 1 శాతమే. సగం జన్యువులు ఆ అయిదు మగవాటి నుంచే రావాలి, చిక్కంతా అక్కడే.

6. బాటిల్‌నెక్: ఉన్న జనాభాయే కుదించుకుపోయింది. కొందరు వలసపోయి వేరే చోట స్థిరపడి ఉంటే ఫౌండర్ అనేవాళ్లం. బతికిన కొద్దిమందిలో ఆ యుగ్మవికల్పం యాదృచ్ఛికంగా ఉంది. అది అంతర్గతం కావడంతో దాగి, తర్వాత దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లలో బయటపడింది. చిన్న జనాభాలో డ్రిఫ్ట్ వరణాన్ని మించిపోగలదు.

7. సంకరంలోని 6 + 6 క్రోమోజోములకు సరైన జతలు దొరకవు, క్షయకరణ విభజన గాడి తప్పుతుంది. రెట్టింపైతే ప్రతి క్రోమోజోముకూ అచ్చం తనలాంటి జోడీ ఉంటుంది. తిరిగి సంకరిస్తే 12 + 6 = 18; త్రయస్థితికం, మళ్లీ వంధ్యం. భౌగోళిక అడ్డు ఏదీ లేకుండానే పక్కనున్న జనక మొక్కల నుంచి అది వేరుపడిపోయింది. 24 + 12 = 36 అని రాసేవారు బీజకణాల్లో సగమే ఉంటాయని మరిచినవారు.

8. ఎ తర్వాత; బి, సి, డి ముందు. కంచరగాడిదకు 63 క్రోమోజోములు (గుర్రం 64, గాడిద 62). అది ఆరోగ్యంగానే పెరుగుతుంది కాబట్టి కొందరు దీన్ని అడ్డుగా లెక్కించరు.

9. ముందరి కాళ్లుగా నిర్మాణసామ్యాలు: భుజాస్థి, రత్ని, అరత్ని మూడింటిలోనూ ఉమ్మడి పూర్వీకుని నుంచి వచ్చాయి. రెక్కలుగా క్రియాసామ్యాలు: ఆ పూర్వీకునికి రెక్కల్లేవు, మూడూ విడివిడిగా ఎగరడం సాధించాయి. గబ్బిలంలో పొర నాలుగు పొడవాటి వేళ్ల మధ్య సాగింది. టెరోసార్‌లో ఒక్క నాలుగో వేలే పొరను మోసింది. పక్షిలో వేళ్లు కలిసిపోయి, ఈకలే రెక్క పరపును ఇచ్చాయి. సీతాకోకచిలుక రెక్కలో ఎముకే లేదు, అది పనిలో మాత్రమే పోలిక. "దేనిగా పోలుస్తున్నాం" అన్నది చెప్పకుండా ఒక్క మాటలో రాసిన జవాబుకు ఒక మార్కుకు మించి ఇవ్వకండి.

10. ఎ క్రియాసామ్యం (ఒకటి కాండం, మరొకటి వేరు), బి నిర్మాణసామ్యం (రెండూ గ్రీవపు మొగ్గ నుంచి వచ్చినవే), సి క్రియాసామ్యం, డి నిర్మాణసామ్యం. సి దగ్గర అడిగితే చూపాల్సిన ఆధారం: మన నేత్రపటలంలో నాడీ తంతువులు కాంతిగ్రాహకాల ముందుగా సాగి ఒక చోట వెనక్కి దూరతాయి, అక్కడే అంధబిందువు. ఆక్టోపస్‌లో తంతువులు వెనక నుంచే బయలుదేరతాయి, అంధబిందువు లేదు. పైకి ఒకేలా కనిపించే రెండు కళ్లూ వేర్వేరు దారుల్లో తయారయ్యాయనడానికి ఇదే గుర్తు.