చిత్రలేఖన ఉపాధ్యాయిని రాజీనామా లేఖ

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.
18-06-2025

పాఠశాల కార్యదర్శి గారికి,
ప్రధానోపాధ్యాయుల వారి ద్వారా.

విషయం: పిహెచ్‌డి చదువు నిమిత్తం ఉద్యోగానికి రాజీనామా.

అయ్యా,

మన ఉన్నత పాఠశాలలో చేస్తున్న చిత్రలేఖన ఉపాధ్యాయిని ఉద్యోగానికి రాజీనామా సమర్పిస్తున్నాను. నెల రోజుల నోటీసు నియమాన్ని అనుసరించి జూలై 18, శుక్రవారం సాయంత్రం నన్ను రిలీవ్ చేయవలసిందిగా కోరుతున్నాను.

శాంతినికేతన్‌లోని విశ్వభారతి కళాభవన్‌లో, కళాచరిత్ర విభాగంలో నాకు పిహెచ్‌డి సీటు వచ్చింది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీస గడువు 3 ఏళ్ళు, అందులోనే కోర్సువర్కు. అన్నేళ్ళు సెలవు పెట్టి పోస్టును ఖాళీగా ఉంచితే నష్టపోయేది పిల్లలే. అందుకే సెలవు అడగడం లేదు.

నా పరిశోధన గంజాం, గజపతి జిల్లాల గోడచిత్రాల మీద. బుగుడలోని బిరంచినారాయణ ఆలయం గోడల మీద రామాయణ కథ ఉంది. మన కొండల్లో సవరలు ఎర్రమట్టి అలికిన గోడ మీద, చివర నలగ్గొట్టిన వెదురుపుల్లతో, బియ్యప్పిండి నీళ్ళతో ఇడితాల్ అనే బొమ్మలు వేస్తారు. ముందు అంచు గీసుకుని, అక్కణ్ణుంచి లోపలికి నింపుతూ వస్తారు. అది ఇంటికి అందం కోసం వేసే ముగ్గు కాదు, పెద్దలకూ దేవతలకూ చేసే మొక్కుబడి. పొయ్యి పొగకు నల్లబడుతుంది, కొత్తగా అలికితే పోతుంది. గుడిలో ఒక్క పూత సున్నం వేసినా బొమ్మ కనబడకుండా పోతుంది. ఈ ఊళ్ళోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర భాషకు వ్యాకరణం రాశారు. ఆ గోడల మీది బొమ్మలకూ అంత శ్రద్ధగా చరిత్ర రాయాలి: ఏ పొర కింద ఏ రంగుంది, ఎవరు మళ్ళీ దిద్దారు, ఏది పాతది, ఏది కొత్తది. నేను వెళ్తున్నది ఆ పనికే.

ఇక అప్పగింతలు. స్టాక్ రిజిస్టరు, బీరువా తాళాలు, 8, 9 తరగతుల పిల్లల బొమ్మల ఫైళ్ళు జూలై 14 నాటికి ప్రధానోపాధ్యాయుల వారికి అందజేస్తాను. కొత్తగా వచ్చేవారికి మాత్రం కొన్ని సంగతులు తప్పక చెప్పాలి.

ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ బస్తా వానాకాలంలో నేలమీద పెడితే తేమ పీల్చుకుని గడ్డకడుతుంది, ఆ పొడి ఇక పనికిరాదు. డబ్బాలో పోసి మూత బిగించి పై అరలో పెట్టాలి. కలిపిన గిన్నెల్ని సింకులో కడగకూడదు, పైపులోనే గట్టిపడిపోతుంది. బకెట్లో కడిగి, అడుక్కి దిగిన ముద్దను చెత్తలో వేయాలి.

అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే ప్రమాదం. ఆ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వాలి. అటెండరుకు ఈ ఒక్కటీ పదేపదే చెప్పండి.

లినో షీటు మీద అచ్చుబొమ్మలు చెక్కే ఉలులు 12 ఉన్నాయి. క్లాసు మొదట్లో లెక్కపెట్టి ఇవ్వాలి, చివర్లో లెక్కపెట్టి తీసుకోవాలి. లినోను కాసేపు ఎండలో పెడితే మెత్తబడి తేలిగ్గా కోసుకుంటుంది. మొండి ఉలిని గట్టిగా నొక్కాల్సి వస్తుంది, అప్పుడే జారుతుంది. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి మొనకు వెనకే ఉండాలి.

వరండా గోడచిత్రం సగంలో ఉంది. కింది రెండడుగుల మేర నేలలోని చెమ్మ పైకెక్కి, ఉప్పు పూసి గార రేగుతోంది. అక్కడ ఎనామెల్ పెయింటు వేయించవద్దు. అది చెమ్మను లోపలే బంధించేసి నాలుగు నెలలకే పొక్కులెత్తుతుంది. వానలు వెళ్ళాక ఊడిన గార గీకించి, సున్నపు గార పెట్టించి, బాగా ఆరాకే రంగు మొదలుపెట్టాలి. తెలుపుకి ఉత్త బియ్యప్పిండి వాడితే చీమలు, పురుగులు తినేస్తాయి. సుద్దపొడిలో తుమ్మబంక కలిపితే నిలుస్తుంది. బంక ఎక్కువైతే పూత పెళ్ళలుగా లేస్తుంది, తక్కువైతే చేతికంటుతుంది. కాబట్టి ముందు ఓ మూల పూసి, ఆరాక వేలితో రుద్ది చూడాలి.

కొత్తవారు వచ్చేదాకా డ్రాయింగు పీరియడ్లను లెక్కల క్లాసులకు ఇవ్వవద్దని నా మనవి. ఎవరైనా ఓ మాస్టారు పక్కన ఉంటే చాలు, పిల్లలు ఓ మొక్కనో కుండనో ముందు పెట్టుకుని పెన్సిలుతో చూసి గీస్తారు. కళ్ళకు ఆ అలవాటు ఒకసారి తప్పితే మళ్ళీ పట్టడానికి చాలా కాలం పడుతుంది.

రిలీవింగ్ లెటరు, అనుభవ ధ్రువపత్రం, పీఎఫ్ కాగితాలు జూలై 18 నాటికి ఇప్పించగలరు. విశ్వభారతిలో చేరేటప్పుడు మొదటి రెండూ చూపించాలి. గోడచిత్రం పని విషయంలో కొత్తవారు ఎప్పుడు ఫోను చేసినా తప్పక జవాబిస్తాను. ఇన్నాళ్ళూ ఈ బడిలో నాకు ఇచ్చిన గోడలకూ, రంగులకూ, స్వేచ్ఛకూ మీకు, తోటి ఉపాధ్యాయులకు మనఃపూర్వక కృతజ్ఞతలు.

ఇట్లు,
మీ విధేయురాలు,
పి. శారద,
చిత్రలేఖన ఉపాధ్యాయిని