మెర్జ్ సార్ట్ రికరెన్స్: చెట్టు గీసి లెక్క కడదాం

అందరూ కూర్చోండి. గాజువాక నుంచి వచ్చేవాళ్ళు కూడా వచ్చేసినట్టున్నారు కదా, మొదలుపెడదాం. కిటికీ పక్కన ఉన్నవాళ్ళు తలుపు కొంచెం దగ్గరికి వేయండమ్మా, సముద్రం గాలికి నా కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఈ రోజు వాటితోనే పని.

నా చేతిలో మొన్నటి మిడ్ పరీక్ష పేపర్లు ఎనిమిది ఉన్నాయి. పైనుంచి కిందికి రోల్ నంబర్లు: 41, 17, 60, 5, 33, 28, 52, 11. వీటిని వరసలో పెట్టాలి. నేను ఒక్కదాన్నే పెట్టను. పై నాలుగు మొదటి బెంచీకి, కింది నాలుగు రెండో బెంచీకి ఇస్తాను. వాళ్ళు కూడా ఒక్కొక్కరు చేయరు, రెండేసి చొప్పున వెనక్కి పంచుతారు. ఆ వెనకవాళ్ళు ఒక్కొక్క పేపరు చొప్పున ఇంకా వెనక్కి ఇస్తారు. ఒకే పేపరు చేతిలో ఉన్నవాడికి పనేమీ లేదు, అది వరసలోనే ఉంది. ఇక అక్కడినుంచి ముందుకు కలుపుకుంటూ రావడమే. మొదటి బెంచీ నుంచి 5, 17, 41, 60 వచ్చాయి. రెండో బెంచీ నుంచి 11, 28, 33, 52 వచ్చాయి. ఇప్పుడు నా పని రెండు కట్టల పై పేపర్లు చూసి, చిన్న నంబరున్నది తీసి పక్కన పెట్టడం. 5కీ 11కీ పోలిస్తే 5. 17కీ 11కీ పోలిస్తే 11. తర్వాత 17, 28, 33, 41, 52. ఇక ఒక కట్ట అయిపోయింది, మిగిలిన 60 పోలిక లేకుండానే చివర చేరింది.

ఎన్ని పోలికలు చేశానో లెక్కపెట్టారా? ఏడు. రెండు కట్టల్లోని ఎనిమిది పేపర్లను కలపడానికి అంతకంటే ఎక్కువ పోలికలు ఎప్పటికీ పట్టవు. ఎందుకంటే ఒక్కో పోలికకు ఒక పేపరు తన చోటికి చేరుతుంది, ఆఖరిది ఊరికే చేరుతుంది. అంటే n పేపర్లు కలపడానికి పోలికలు ఎక్కువలో ఎక్కువ n − 1, కదలికలు సరిగ్గా n. ఈ మాట నోట్సులో గట్టిగా రాసుకోండి. మిగతా లెక్కంతా దీని మీదే నిలబడుతుంది.

ఇదే ప్రోగ్రాముగా రాస్తే ఇలా ఉంటుంది, ఇందులో merge అంటే ఇప్పుడు నేను చేసిన రెండు కట్టలు కలిపే పని, దాన్ని విడిగా రాసుకోవాలి:

```
def merge_sort(a):
    if len(a) <= 1:
        return a
    m = len(a) // 2
    left = merge_sort(a[:m])
    right = merge_sort(a[m:])
    return merge(left, right)
```

ఈ ప్రోగ్రాముకు n సైజు మీద పట్టే కాలాన్ని T(n) అందాం. లోపల ఏం జరుగుతోంది? సగం సైజు మీద తననే రెండుసార్లు పిలుచుకుంటోంది, కాబట్టి 2T(n/2). విడదీయడానికీ కలపడానికీ n కి తగ్గట్టు కొంత పని, దాన్ని cn అందాం. ఇక్కడ c అంటే ఒక పేపరును ఒకసారి పట్టుకుని పెట్టడానికి అయ్యే ఖర్చు. ఒకే పేపరున్నప్పటి ఖర్చు కూడా c అనే తీసుకుందాం. రెండూ సమానం కాకపోతే పెద్దదాన్ని c గా పెట్టుకుంటే మనకొచ్చేది పై హద్దు, చిన్నదాన్ని పెట్టుకుంటే కింది హద్దు, రెండూ ఒకే రకంగా పెరుగుతాయి.

```
T(1) = c
T(n) = 2T(n/2) + cn
```

ఇలా తనను తనతోనే చెప్పుకునే సమీకరణమే రికరెన్స్. దీన్ని చూడగానే చాలామందికి టెన్షన్ వస్తుంది. T అంటే ఏమిటో చెప్పమంటే దాన్ని మళ్ళీ T తోనే చెబుతున్నారు, ఇక జవాబెక్కడిది అని. నేను చదువుకునేటప్పుడు నాకూ అలాగే ఉండేది. బొమ్మ గీసిన రోజున ఆ భయం పోయింది. అందుకే ఫార్ములా ముందు చెప్పను, చెట్టే గీస్తాను.

రాసుకోండి. పైన ఒక నోడ్. అందులో T(n) అని కాదు, ఆ నోడ్ తన చేతులతో స్వయంగా చేసే పని మాత్రమే రాయాలి: cn. పిల్లలు చేసే పని పిల్లల నోడ్లలో ఉంటుంది. ఇక్కడే తప్పు చేస్తారు. పైన T(n) రాసి కింద మళ్ళీ T(n/2)లు రాసి అన్నీ కూడితే ఒకే పనిని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

మన ఎనిమిది పేపర్ల చెట్టు ఇలా ఉంటుంది:

```
                8c                     -> 8c
        4c              4c             -> 8c
    2c      2c      2c      2c         -> 8c
  c   c   c   c   c   c   c   c        -> 8c
```

అడ్డంగా కూడండి. ప్రతి వరసకూ 8c. వరసలు నాలుగు. మొత్తం 32c.

చెప్పు బాబూ, చెయ్యెత్తావు.

"మేడమ్, కిందికి వెళ్ళేకొద్దీ సైజు సగం అవుతోంది కదా. n, దానిలో సగం, అందులో సగం... ఇలా కూడితే 2n లోపే రావాలి కదా?"

మంచి ప్రశ్న అడిగావు. ఈ సందేహం వచ్చిందంటే నువ్వు చెట్టు వైపు నిజంగా చూస్తున్నావని అర్థం. ఒక్క నోడ్‌ను చూస్తే నువ్వు చెప్పింది నిజం, సైజు సగమవుతోంది. కానీ నోడ్లు? ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. సైజు సగమైన చోటల్లా నోడ్లు రెట్టింపవుతున్నాయి. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. పేపర్ల వైపు నుంచి చూడు: మూడో వరసలో ఎన్ని చేతుల్లో ఉన్నా పేపర్లు మొత్తం ఎనిమిదే. ఒక్కటీ తగ్గలేదు, ఒక్కటీ పెరగలేదు. ప్రతి వరసలోనూ ప్రతి పేపరునూ ఎవరో ఒకరు ఒకసారి పట్టుకుంటున్నారు.

నువ్వు అడిగిన 2n వచ్చే సందర్భం కూడా ఉంది. రెండు సగాల్లో ఒకదాన్ని పారేసి, ఒక్కదాని మీదే పని చేస్తే రికరెన్స్ T(n) = T(n/2) + cn అవుతుంది. అప్పుడు చెట్టుకు కొమ్మలుండవు, ఒకే కాడ. cn + cn/2 + cn/4 + ... కూడితే 2cn దాటదు. ముందున్న ఆ ఒక్క 2 అంకె ఉండటం, లేకపోవడం జవాబును ఎంత మార్చేస్తోందో చూడండి. రికరెన్సులో ఏ అంకెనూ తేలిగ్గా తీసుకోవద్దు.

ఇప్పుడు ఎనిమిది తీసేసి n పెడదాం. పై వరసను 0 అని లెక్కిస్తే, i వ వరసలో నోడ్లు 2^i. ఒక్కో నోడ్ సైజు n/2^i. వరస ఖర్చు:

```
2^i * c * (n / 2^i) = cn
```

i కొట్టుకుపోయింది. ఎంత లోతుకు వెళ్ళినా వరస ఖర్చు cn. ఇక మిగిలింది ఒక్కటే, చెట్టు ఎంత లోతు? సైజు 1 అయ్యేదాకా దిగుతాం. n/2^i = 1 అయితే 2^i = n, అంటే i = log n. మనం ఈ క్లాసులో లాగ్ అంటే బేస్ 2. వరసలు 0 నుంచి log n దాకా, కాబట్టి లెక్కకు log n + 1. ఆ +1 మరిచిపోయి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. ఎనిమిదికి లాగ్ మూడు, కానీ వరసలు నాలుగు అని బొమ్మలోనే చూశారు కదా.

```
T(n) = cn * (log n + 1) = cn log n + cn
```

n పెద్దదయ్యేకొద్దీ రెండో cn మొదటిదాని ముందు నిలవదు. అందుకే Θ(n log n).

చెట్టు నుంచి వచ్చిన జవాబును రికరెన్సులో పెట్టి చూసుకోవడం మంచి అలవాటు. n/2 సైజుకు ఇది నిజమనుకుంటే 2T(n/2) అంటే cn(log n − 1) + cn, అంటే cn log n. దానికి cn కలిపితే cn log n + cn. n = 1 పెడితే c. సరిపోయింది.

n అనేది 2 ఘాతం కాకపోతే? మన సెక్షన్‌లో 64 మంది ఉన్నారు కాబట్టి బాగానే ఉంది, 61 మందే ఉంటే ఒక సగంలో 30, ఇంకో సగంలో 31 పడతాయి. భయం లేదు. n కి పైనున్న దగ్గరి 2 ఘాతం 2n కంటే చిన్నదే. ఆ సైజుకు పట్టే కాలం కంటే మనది ఎక్కువ కాదు, అది కూడా n log n రకమే.

ఇప్పుడు ఈ లాగ్ విలువేమిటో అంకెల్లో చూపిస్తాను. n = 2^20, అంటే 10,48,576. దాదాపు పదిన్నర లక్షల రికార్డులు. చెట్టు అడుగున అన్ని ఆకులు, అయినా వరసలు 21 మాత్రమే! n ను 21 తో గుణిస్తే సుమారు 2 కోట్ల 20 లక్షల అడుగులు. అదే పని ఇన్సర్షన్ సార్ట్ చేస్తే, అన్నీ తలకిందులుగా ఉన్నప్పుడు n(n − 1)/2 పోలికలు, సుమారు 55 వేల కోట్లు. సెకనుకు 10 కోట్ల అడుగులు వేసే యంత్రం అనుకుందాం. మెర్జ్ సార్ట్‌కు పావు సెకను కూడా పట్టదు. ఇన్సర్షన్ సార్ట్‌కు గంటన్నర. మద్దిలపాలెంలో బస్సెక్కి భీమిలి వెళ్ళి, సముద్రం చూసి, ఇంటికి బయలుదేరొచ్చు. రికార్డులు రెట్టింపు చేస్తే ఇన్సర్షన్ సార్ట్ కాలం నాలుగు రెట్లవుతుంది. మన చెట్టుకు పెరిగేది ఒక్క వరస.

"మేడమ్, పేపర్లు ముందే వరసలో ఉంటే త్వరగా అయిపోతుందా?"

ఇన్సర్షన్ సార్ట్ అయితే అవుతుంది, దాని పని n కి తగ్గట్టే ఉంటుంది. మనది మాత్రం విడదీసేటప్పుడు నంబర్లు చూడదు, నడిమికి కోస్తుంది అంతే. అందుకే చెట్టు ఆకారం అదే. కలిపేటప్పుడు పోలికలు తగ్గుతాయి: ఎనిమిది పేపర్లకు కష్టమైన సందర్భంలో మొత్తం 4 + 6 + 7 = 17, ముందే వరసలో ఉంటే 12. కానీ పేపర్లు కదపడం తప్పదు. కాబట్టి మంచి ఇన్‌పుట్‌కైనా చెడ్డ ఇన్‌పుట్‌కైనా Θ(n log n). ఈ నమ్మకమే నాకు ఈ సార్ట్‌లో నచ్చుతుంది. 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ రాసిన పద్ధతి ఇది. పోలికల మీదే ఆధారపడే ఏ సార్ట్ అయినా చెడ్డ సందర్భంలో n log n రకం కంటే కిందికి దిగలేదని వచ్చే వారం రుజువు చేస్తాను.

దీనికి ఒక ధర ఉంది. కలిపేటప్పుడు పక్కన n పేపర్లకు చోటు కావాలి, నా బల్ల మీద ఖాళీ ఉంచుకున్నట్టు. రికర్షన్ స్టాక్ మాత్రం చిన్నదే. చెట్టంతా ఒకేసారి మెమరీలో ఉండదు. ఎడమ సగం పూర్తయ్యాకే కుడి సగం మొదలవుతుంది కాబట్టి, ఏ క్షణంలోనైనా వేరు నుంచి ఒక ఆకు దాకా ఉన్న దారి మాత్రమే స్టాక్‌లో ఉంటుంది. కాలానికి చెట్టు మొత్తం కూడాలి, స్టాక్‌కు ఎత్తు చూస్తే చాలు.

ఇంటి దగ్గర రెండు చెట్లు గీసుకురండి. ఒకటి T(n) = 2T(n/2) + c, ఇంకోటి T(n) = 4T(n/2) + cn. మొదటిదాంట్లో కిందికి వెళ్ళేకొద్దీ వరస ఖర్చు ఏమవుతుందో, రెండోదాంట్లో ఏమవుతుందో అడ్డంగా కూడి చూడండి. ఫార్ములాతో చేయొద్దు, వరసలు కనబడాలి. ఆ ఎనిమిది పేపర్లు ముందుకు పంపించండమ్మా, 5వ నంబరు పైన ఉండేటట్టు.