వ్యాసం దిద్ది మార్కులు వేయవలసిందిగా మనవి

పూజ్యులైన మాస్టారికి నమస్కారములు.

నేను తాడేపల్లి హైస్కూలులో మీ దగ్గర పదో తరగతి వరకు తెలుగు చదువుకున్నాను. ప్రస్తుతం విజయవాడలో మా పిన్ని గారింట ఉండి పోటీ పరీక్షలకు తయారవుతున్నాను. కోచింగులో ఇచ్చిన వ్యాసం ఒకటి రాసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మా బ్యాచ్‌లో నూట ఇరవై మందిమి ఉన్నందువల్ల అక్కడ మా కాగితాలు తిప్పి చూసేవారు లేరు. అన్నయ్యను చదవమంటే రెండు నిమిషాల్లో చదివి బాగుందని చేతికిచ్చేశాడు. ఆ మాట నాకు ఎందుకూ పనికిరాదు. మీరు మాత్రం మొహమాటపడకుండా ఎర్ర సిరాతో దిద్ది, దీనికి ఎన్ని మార్కులు వస్తాయో వేసి చెప్పవలసిందిగా ప్రార్థిస్తున్నాను. రెండుసార్లు చిత్తు రాసి, మూడోసారి శుభ్రంగా ఎత్తి రాశాను.

కృష్ణమ్మ, ఆనకట్ట, బెజవాడ

1832-33 నాటి నందన కరువులో గుంటూరు జిల్లాలోని సుమారు ఐదు లక్షల జనంలో రెండు లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. కృష్ణానది ఆ జిల్లా పక్కనుంచే సముద్రంలోకి పోతున్నా, ఆ నీటిని పొలానికి మళ్లించే కట్టడం అప్పటికి లేదు. ఆర్థర్ కాటన్ పట్టుదలతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో, ఇంద్రకీలాద్రికి సీతానగరం కొండకు నడుమ 1852లో మొదలైన ఆనకట్ట 1855లో పూర్తయింది. దానికి 1952లో గండి పడగా, ఎగువన కొత్త బ్యారేజీ కట్టి 1957 నాటికి పూర్తిచేసి, ఆ ఏడాదే కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. దాని పొడవు 1,223.5 మీటర్లు, గేట్లు 70. ఇటు ఏలూరు, బందరు, రైవస్ కాలువలకు, అటు గుంటూరు వైపు కాలువలకు నీరందించి సుమారు 13 లక్షల ఎకరాలను తడపడమే దాని పని.

అయితే వరద వచ్చిన ప్రతిసారీ ఊరంతా బ్యారేజీ వైపే చూస్తుంది, అది తమను కాపాడాలన్నట్టుగా. 2024 సెప్టెంబరు 2న అక్కడ 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. లక్ష క్యూసెక్కుల నీరు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు అవుతుంది కనుక, ఆ వేగాన రోజుకు దాదాపు 99 టీఎంసీలు వచ్చినట్టు. బ్యారేజీ నిల్వ మూడు టీఎంసీల పైచిలుకు మాత్రమే. అది ఖాళీగా ఉన్నా ముప్పావుగంటలో నిండిపోతుంది. అంటే వచ్చిన నీటిని వచ్చినట్టే కిందికి వదలడం తప్ప దానికి మరో దారి లేదు. కొట్టుకొచ్చిన పడవలు తగిలి గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నది కూడా ఆ వరదలోనే.

అప్పుడు నగరాన్ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. నది ఒడ్డునున్న కృష్ణలంకను రక్షణ గోడ చాలావరకు కాపాడగా, నదికి దూరంగా ఉన్న సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో నానింది. బుడమేరు నీటిని కృష్ణలోకి పంపే మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. పైగా నది నిండుగా పారుతున్నప్పుడు ఆ కాలువ నీటిని అది తీసుకోలేదు. కొల్లేరు వైపు సాగే పాత దారి ఇళ్లతో, పూడికతో ఇరుకై ఉంది. సింగ్ నగర్‌లోని మా పిన్ని ఇంట్లో నేను ఈ వ్యాసం రాస్తున్న బల్ల వెనుక గోడ మీద, రెండుసార్లు సున్నం వేసినా, స్విచ్ బోర్డుకు జానెడు పైన మట్టిగీత ఇంకా కనబడుతోంది. బ్యారేజీ గేట్లు ఎన్ని ఎత్తినా ఆ గీత తగ్గేది కాదు. బుడమేరు వెడల్పు పెరిగితే తగ్గేది.

వ్యాసం ఇంతటితో సమాప్తం. చివరి పేరాలో సొంత ఇంటి సంగతి రాయడం తప్పవుతుందేమోనని సందేహంగా ఉంది. తప్పయితే దానికి ఎన్ని మార్కులు తగ్గిస్తారో పక్కనే వేయగలరు. లెక్క కట్టిన చోట వాక్యాలు బిగుసుకున్నట్టు నాకే అనిపిస్తోంది.

వచ్చే ఆదివారం సాయంత్రం అమ్మను చూడటానికి తాడేపల్లి వస్తున్నాను. అప్పుడు మీ ఇంటికి వచ్చి కాగితాలు తీసుకుంటాను. అమ్మ మీకూ, అమ్మగారికీ నమస్కారాలు చెప్పమంది.

ఇట్లు,
మీ విద్యార్థిని,
సింగ్ నగర్, విజయవాడ